పాత మైక్రోవేవ్ లింకుల బదులు ఫైబర్: ఎండీ గారికి ఈమెయిల్ ఎలా రాయాలి

ప్రశ్న: మాది చిన్న ఐఎస్‌పీ సార్. రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురానికి రెండు మైక్రోవేవ్ లింకులు, అమలాపురం నుంచి ముమ్మిడివరం, రాజోలు, అల్లవరం వైపు మరో మూడు. అన్నీ పన్నెండేళ్ళ నాటి 15 గిగాహెర్ట్జ్ రేడియోలు. 60 లీజ్డ్ లైన్లు, 300 ఇళ్ళ బ్రాడ్‌బ్యాండ్ వీటి మీదే నడుస్తున్నాయి. అన్నీ తీసేసి ఫైబర్‌కి మారదామని ఎండీ గారికి ఈమెయిల్ పెడితే "నడుస్తున్నదాన్ని ఎందుకు తీయడం?" అన్నారు. ఖర్చు, కెపాసిటీ, రిస్క్ మూడూ చూపించి తెలుగులో మళ్ళీ రాయమన్నారు. ఆయన కేబుల్ టీవీ నుంచి వచ్చినవారు, లెక్క గట్టిగా చూస్తారు. ఎలా రాయాలి?

జవాబు:

ముందు మీరు అడిగేదాన్ని తగ్గించండి. ఐదు లింకులకూ ఒకేసారి ఫైబర్ అడిగితే ఏ యజమానీ ఒప్పుకోడు, ఒప్పుకోవాల్సిన అవసరం కూడా లేదు. రాజోలు లింకు పడిపోతే రాజోలు కస్టమర్లు మాత్రమే ఆగుతారు. కొత్తపేట–అమలాపురం లింకు పడిపోతే దాని వెనక ఉన్న మూడు వైపులా ఆగిపోతాయి. మీ నెట్‌వర్క్ మొత్తానికి గొంతు ఆ మొదటి రెండు లింకులే. వాటికి మాత్రమే అడగండి.

దారి కూడా మీకు అనుకూలంగానే ఉంది. రావులపాలెం నుంచి అమలాపురం దాకా కాలవలు తప్ప పెద్ద నది దాటనక్కర్లేదు. రాజోలు వైపు అయితే బోడసకుర్రు దగ్గర వైనతేయ దాటాలి. వంతెనకు పైపు బిగించి కేబుల్ తీసుకెళ్ళడానికి విడిగా అనుమతి కావాలి, ఆ ఒక్క కాగితం మీద నెలలు గడిచిపోవచ్చు. దాన్ని ఈ ఈమెయిల్లో కలిపితే తేలికగా అయ్యే పని కూడా దానితోపాటే ఆగిపోతుంది.

ఇక "నడుస్తున్నదాన్ని" అన్న మాట. పాతబడింది కాబట్టి మార్చాలి అంటే ఆయన వినరు, పన్నెండేళ్ళ నాటి ఫ్యాను కూడా తిరుగుతూనే ఉంటుంది. లింకు ఎంత బాగా నడుస్తోందో కొలిచి చూపించాలి. దానికి ఒకే ఒక్క అంకె చాలు: లింకు ప్రారంభించిన రోజు అందిన సిగ్నల్ స్థాయి ఎంత, ఈరోజు మబ్బు లేని మధ్యాహ్నం పూట ఎంత.

మొదటి అంకె కమిషనింగ్ రిపోర్టులో ఉంటుంది. ఉదాహరణకి అప్పుడు మైనస్ 42 డీబీఎమ్, ఇప్పుడు మైనస్ 49 అనుకోండి. 7 డీబీ పోయింది. రేడియో ఇంకా పూర్తి స్పీడుతోనే నడుస్తుంది కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. పోయింది స్పీడు కాదు, వాతావరణం పాడైనప్పుడు తట్టుకోవడానికి ఉంచుకున్న నిల్వ. దాన్నే ఫేడ్ మార్జిన్ అంటాం. డెల్టా లాంటి చదునైన, నీళ్ళున్న నేల మీద గాలి కదలని రాత్రుల్లో, తెల్లవారుజామున, ఒకే సిగ్నల్ రెండు మూడు దారుల్లో చేరి తనను తానే దెబ్బతీసుకునే మల్టీపాత్ ఫేడింగ్ విషయంలో మార్జిన్ 10 డీబీ తగ్గితే లింకు పడే సమయం పది రెట్లవుతుంది. 7 డీబీ తగ్గితే సుమారు ఐదు రెట్లు. మీ ఎండీ గారికి ఈ ఒక్క వాక్యం తెలుగులో చెబితే చాలు: "లింకు నడుస్తోంది సార్, కానీ పడిపోయే అవకాశం మొదట్లో కంటే ఐదు రెట్లు పెరిగింది."

ఆ 7 డీబీ ఎక్కడ పోయిందో కూడా వెతకండి, ఎందుకంటే కొంత తిరిగి వచ్చేదైతే ముందు దాన్ని రాబట్టుకోవాలి. ఒక గాలివాన తర్వాత సిగ్నల్ ఒక్కసారిగా తగ్గి అక్కడే ఉండిపోతే డిష్ పక్కకి తిరిగినట్టు. ప్రతి వాన తర్వాతా తగ్గి, రెండు మూడు రోజులకి మెల్లగా కోలుకుంటుంటే కనెక్టర్‌లోకి నీళ్ళు దిగుతున్నట్టు. ఏడాదికేడాది కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తే దారిలో కొబ్బరిచెట్లు చూడండి. మీ 19 కిలోమీటర్ల లింకుకి మధ్యలో ఫ్రెనెల్ జోన్, అంటే సిగ్నల్ వెళ్ళే గీత చుట్టూ దానికి కావలసిన చోటు, వ్యాసార్థం దాదాపు 10 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే గీత కింద ఆరు మీటర్లు ఖాళీగా ఉండాలి. పన్నెండేళ్ళ క్రితం సర్వే చేసినప్పుడు కింద ఉన్న మొక్కలు ఈపాటికి మట్టలతో ఆ జోన్‌లోకి వచ్చి ఉంటాయి. కోనసీమలో ఇది చాలా మామూలు సంగతి. డిష్‌ని మళ్ళీ అలైన్ చేయించవచ్చు, కనెక్టర్ మార్చవచ్చు. ఇంకొకరి తోటలో కాపుకొచ్చిన చెట్లను మాత్రం ఏమీ చేయలేరు. అది ఈమెయిల్లో రాయదగ్గ కారణం.

వాన సంగతి వేరు. 15 గిగాహెర్ట్జ్ దగ్గర గంటకి 100 మిల్లీమీటర్ల జోరు వాన కిలోమీటరుకి దాదాపు 8 డీబీ తినేస్తుంది. అంత జోరు వాన దారి మొత్తం మీద పడనక్కర్లేదు, మధ్యలో నాలుగైదు కిలోమీటర్ల మేర పడినా 35 డీబీ మార్జిన్ అయిపోతుంది. అదే వాన 7 గిగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకి 2 డీబీ లోపే తింటుంది. కాబట్టి 15 గిగాహెర్ట్జ్ మీద 19 కిలోమీటర్ల లింకు మొదటి రోజు నుంచీ సన్నటి గీత మీదే నడిచింది. లాగ్ చూస్తే రెండూ తేలిగ్గా విడిపోతాయి. వాన ఫేడ్ సాయంత్రాలు వచ్చి, రెండు చివర్లా ఒకేలా, నున్నగా దిగి మళ్ళీ ఎక్కుతుంది. మల్టీపాత్ అర్ధరాత్రి నుంచి సూర్యోదయం లోపల, సెకన్లలో పైకీ కిందికీ ఊగుతుంది. రేడియోలో 15 నిమిషాల పర్ఫార్మెన్స్ రికార్డులు ఉంటాయి. అందులో అనవైలబుల్ సెకన్లు అనే కాలమ్ ఏడాది పొడవునా కూడి గంటల్లోకి మార్చండి. ఆ అంకె రిస్క్ లెక్కలో కావాలి.

కెపాసిటీ గురించి ఎక్కువ రాయాల్సిన పని లేదు, కానీ గ్రాఫుతో జాగ్రత్త. ట్రాఫిక్ గ్రాఫులు గీసే ఎమ్‌ఆర్‌టీజీ లాంటి వాటిలో ఏడాది గ్రాఫు ఒక్కో రోజు సగటు చూపిస్తుంది. రాత్రి తొమ్మిదింటికి నిండిపోయిన లింకు కూడా ఆ గ్రాఫులో సగమే వాడినట్టు కనబడుతుంది. ఎండీ గారు అదే చూసి "ఇంకా సగం ఖాళీగా ఉంది కదా" అంటారు. 5 నిమిషాల డేటా తీసి రాత్రి 8 నుంచి 11 వరకు ఉన్న అంకెలు మాత్రమే చూపించండి.

28 మెగాహెర్ట్జ్ చానల్ మీద 256 క్వామ్‌తో సుమారు 180 ఎంబీపీఎస్ వస్తుంది, మీవి రెండు చానళ్ళయితే 360. జోరు వానలో రేడియో తనంతట తనే నెమ్మదైన, గట్టి పద్ధతి క్యూపీఎస్‌కేకి దిగిపోతే మిగిలేది 80. ఆ సమయంలో బ్యాంకు బ్రాంచీ ట్రాఫిక్, ఎవరింట్లోనో నడుస్తున్న క్రికెట్ ఒకే క్యూలో నిలబడతాయి. కొత్త మైక్రోవేవ్ రేడియోలు పెడితే 1024 క్వామ్ పైన రెండు చానళ్ళ మీద 450 నుంచి 500 దాకా రావచ్చు. కానీ 256 నుంచి 1024కి వెళ్ళాలంటే దాదాపు 6 డీబీ మెరుగైన సిగ్నల్ కావాలి, మీకు కొరతగా ఉన్నదే అది. ఈ-బ్యాండ్ పెడదామా అని ఎవరైనా అంటే, అది గిగాబిట్లు ఇస్తుంది నిజమే, మన వానల్లో రెండు మూడు కిలోమీటర్లు దాటితే నమ్మలేం.

ఫైబర్‌లో స్పీడు గాజులో లేదు, చివర పెట్టే మాడ్యూల్‌లో ఉంది. కొత్తపేటలో మీకు కస్టమర్లు ఉన్నారు కాబట్టి అక్కడ కేబుల్ ఆపి స్విచ్ పెట్టండి. అప్పుడు పెద్ద ముక్క కొత్తపేట–అమలాపురం, స్లాక్ లూపులతో కలిపి 24 కిలోమీటర్లు అనుకుందాం.

```
24 km × 0.25 dB  = 6.0 dB
14 joints × 0.08 = 1.1 dB
connectors       = 1.0 dB
total            = 8.1 dB
```

40 కిలోమీటర్ల 10 గిగాబిట్ ఈఆర్ మాడ్యూల్ దాదాపు 11 డీబీ తట్టుకుంటుంది. 3 డీబీ మిగిలింది. ఆ మిగులు ముఖ్యం, ఎందుకంటే కేబుల్ తెగిన ప్రతిసారీ మధ్యలో కొత్త ముక్క వేసి రెండు జాయింట్లు పెంచుతారు. భయపడి 80 కిలోమీటర్ల జడ్‌ఆర్ మాడ్యూల్ కొనకండి. దాని రిసీవర్ మైనస్ 7 డీబీఎమ్ కంటే ఎక్కువ వెలుగు తట్టుకోలేదు, 24 కిలోమీటర్లకి అటెన్యుయేటర్ పెట్టకపోతే ఎర్రర్లు రావచ్చు, పాడవనూ వచ్చు.

ఖర్చు దగ్గర ఎక్కువమంది ఒకటే పొరపాటు చేస్తారు. ఫైబర్ వస్తే టవర్ అద్దెలన్నీ పోతాయని రాస్తారు. మీ అమలాపురం టవర్ పోదు, మూడు లింకులు దాని మీదే ఉన్నాయి. స్పెక్ట్రమ్ రాయల్టీ కూడా అంతే. పెద్ద మొబైల్ కంపెనీలు రాబడిలో శాతంగా కడతాయి, ఒక లింకు తీసినా వాళ్ళ బిల్లు తగ్గదు. మీలాంటి ఐఎస్‌పీకి లింకు దూరం, బ్యాండ్‌విడ్త్, చానళ్ళ సంఖ్య బట్టి ఫార్ములా ప్రకారం వస్తుంది కాబట్టి తగ్గుతుంది, కానీ రేడియో ఆపేసినంత మాత్రాన తగ్గదు. స్పెక్ట్రమ్ కేటాయించే డబ్ల్యూపీసీకి రాసి సరెండర్ చేసేదాకా మీటరు తిరుగుతూనే ఉంటుంది. నిజంగా ఆగిపోయే ఖర్చు మాత్రమే పొదుపు కింద రాయండి.

రెండోది, ఫైబర్ అంటే సొంతంగా తవ్వడం ఒక్కటే కాదు. సొంత కందకం, కరెంటు స్తంభాల మీద కేబుల్, ఐపీ-1 రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ముందే వేసి ఉంచిన, చివర పరికరాలు మనమే పెట్టుకునే ఒక జత డార్క్ ఫైబర్ అద్దె: మూడు దారులున్నాయి. కందకం 1.65 మీటర్ల లోతున వేయాలి, రోడ్డు శాఖ అనుమతులు కావాలి. గతిశక్తి సంచార్ పోర్టల్ వచ్చాక దరఖాస్తు తేలికైంది కానీ రోడ్డు మళ్ళీ పూడ్చే ఛార్జీలే అసలు భారం. స్తంభాలు చవక, ఏపీ ఫైబర్‌నెట్ కూడా ఆ పద్ధతిలోనే విస్తరించింది. కాకపోతే స్తంభానికి వచ్చే ప్రతి కష్టం మీ కేబుల్‌కీ వస్తుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు ఎలా పడిపోయాయో చూసినవాళ్ళు కోనసీమలో స్తంభాల మీద మాత్రమే ఆధారపడరు.

ఇక రిస్క్. నిజాయితీగా రాయాల్సిన చోటు ఇదే, మీ ఈమెయిల్ గెలిచేది కూడా ఇక్కడే. ఒంటరి ఫైబర్ మన రోడ్ల మీద మైక్రోవేవ్ కంటే ఎక్కువసేపు పడిపోవచ్చు. లెక్క వేసి చూడండి. మీ దారిలో ఏడాదికి నాలుగుసార్లు తెగి, ఒక్కోసారి ఆరు గంటలు పడితే 24 గంటలు పోయాయి, అంటే 99.73 శాతం. మీ రేడియో లాగ్ కూడితే 9 గంటలు వచ్చిందనుకోండి, 99.90 శాతం. అందుకే "ఫైబర్ వేస్తే లింకు పడదు" అని రాయకండి. మొదటి జేసీబీ కేబుల్ తెంపిన రోజు ఆ వాక్యం మీకే తిరిగొస్తుంది.

రెండూ కలిపి ఉంచితే మాత్రం లెక్క మారిపోతుంది. జేసీబీ ఎండలో తవ్వుతుంది, వాన ఫేడ్ వానలో వస్తుంది, మల్టీపాత్ తెల్లవారుజామున వస్తుంది. ఒకదానికొకటి సంబంధం లేదు కాబట్టి రెండూ ఒకేసారి పడే సమయం 0.27 శాతాన్ని 0.10 శాతంతో గుణిస్తే వస్తుంది. అది ఏడాదికి రెండు నిమిషాల లోపే. తుఫాను రోజున ఈ లెక్క చెల్లదు, టవరూ కేబులూ కరెంటూ ఒకే గాలికి గురవుతాయి. ఆ మాట కూడా రాయండి. భూమిలో ఉన్న ఫైబర్‌ని ఎంచుకోవడానికి అదే కారణం.

కాబట్టి పాత రేడియోని తీసేయకండి, ఒక చానల్‌కి తగ్గించి స్టాండ్‌బైగా ఉంచండి. 180 ఎంబీపీఎస్ మీ లీజ్డ్ లైన్లకు సరిపోతుంది. రెండో చానల్ సరెండర్ చేస్తే రాయల్టీ తగ్గుతుంది, దాని పెట్టెలు మిగతా మూడు లింకులకు స్పేర్లవుతాయి. లోపలి యూనిట్లు ఎక్కడైనా పనికొస్తాయి. పైన పెట్టే ఓడీయూ మాత్రం అదే సబ్‌బ్యాండ్, అదే హై లేదా లో వైపు అయితేనే పనికొస్తుంది, ముందే లేబుల్ చూసుకోండి. తయారీ కంపెనీ సపోర్ట్ ఆపేసిన రేడియోలకు మీ దగ్గర స్పేర్ లేకపోతే నాలుగు గంటల రిపేరు నాలుగు రోజులవుతుంది. వయసు వల్ల వచ్చే అసలు ప్రమాదం ఇదే.

కింద ఇచ్చిన ఈమెయిల్లో రూపాయల అంకెలు, ట్రాఫిక్, డౌన్‌టైమ్ అన్నీ లెక్క చూపించడానికి నేను వేసుకున్నవి. మీ కొటేషన్లు, మీ లాగ్‌లు పెట్టి మార్చుకోండి. వాక్యాల వరుస మాత్రం మార్చకండి.

---

విషయం: రావులపాలెం–అమలాపురం మధ్య ఒక జత ఫైబర్ అద్దెకు అనుమతి, ముందుగా 16 లక్షలు

నమస్తే సార్,

ఐదు లింకుల్లో రెండింటికి మాత్రమే అనుమతి అడుగుతున్నాను: రావులపాలెం–కొత్తపేట, కొత్తపేట–అమలాపురం. మన 60 లీజ్డ్ లైన్లలో 52, ఇళ్ళ కనెక్షన్లలో ఎక్కువ భాగం ఈ రెండింటి మీదే వెళుతున్నాయి. మిగతా మూడు లింకులు ప్రస్తుతానికి అలాగే ఉంటాయి.

నడుస్తున్నదాన్ని ఎందుకు ముట్టుకోవాలని మీరు అడిగారు. కొత్తపేట–అమలాపురం లింకు మొదటి రోజు మైనస్ 42 దగ్గర నడిచేది, ఈమధ్య మైనస్ 49కి దిగింది. డిష్ అలైన్ చేయించాం, కనెక్టర్లు మార్చాం, 2 డీబీ తిరిగి వచ్చింది. మిగతాది దారిలో పెరిగిన కొబ్బరితోటల వల్ల, దాన్ని మనం సరిచేయలేం. దీనివల్ల లింకు పడే అవకాశం మొదట్లో కంటే మూడు రెట్లు ఉంది. పోయిన ఏడాది మొత్తం 9 గంటలు పడింది. ఈ రేడియోలకు తయారీ కంపెనీ సపోర్ట్ అయిపోయింది, మన దగ్గర స్పేర్ ఓడీయూ ఒక్కటే ఉంది.

రాత్రి 8 నుంచి 11 మధ్య ట్రాఫిక్ 310 ఎంబీపీఎస్‌కి చేరింది. లింకు మొత్తం 360. మన ట్రాఫిక్ ఏటా 30 శాతం పెరుగుతోంది, అంటే ఏడు నెలల్లో నిండిపోతుంది. జోరు వాన పడినప్పుడు 360 కాస్తా 80కి దిగుతోంది.

నాలుగు దారులు చూశాను. పదేళ్ళ మొత్తం ఖర్చు, టవర్ అద్దెలు, రాయల్టీతో కలిపి ఇలా ఉంది. కొత్త మైక్రోవేవ్ రేడియోలు పెడితే ఇప్పుడు 18 లక్షలు, ఏటా 8 లక్షలు, మొత్తం 98 లక్షలు. వచ్చేది 500 ఎంబీపీఎస్, అది రెండేళ్ళలోపే నిండుతుంది. కరెంటు స్తంభాల మీద సొంత కేబుల్ అయితే మొత్తం 134 లక్షలు. డార్క్ ఫైబర్ అద్దె అయితే ఇప్పుడు 16 లక్షలు (పరికరాలకు 6, రెండు చివర్లా 2 కిలోమీటర్ల మన సొంత కేబుల్‌కి 10), తర్వాత ఏటా 8 లక్షల అద్దె, స్టాండ్‌బై రేడియోకి ఏటా 5 లక్షలు, మొత్తం 146 లక్షలు. సొంతంగా తవ్వి వేస్తే 230 లక్షలు. ఫైబర్ లెక్కలన్నిటిలోనూ స్టాండ్‌బై రేడియో ఖర్చు కలిపే ఉంది.

నా సిఫారసు డార్క్ ఫైబర్ అద్దె. ఇప్పుడు పెట్టే డబ్బు కొత్త రేడియోల కంటే 2 లక్షలు తక్కువ. పదేళ్ళలో చూస్తే ఏటా 4.8 లక్షలు ఎక్కువ. దానికి మనకు వచ్చేది 10 గిగాబిట్లు, అంటే కొత్త రేడియోలకి ఇరవై రెట్లు. స్తంభాల దారి 12 లక్షలు చవకే, కానీ తుఫాను వస్తే టవర్‌తోపాటు అదీ పడుతుంది. అద్దెకు తీసుకునే ఫైబర్ భూమిలో ఉంది.

ఫైబర్ తెగదని చెప్పడం లేదు సార్. రోడ్డు పనుల వల్ల ఏడాదికి నాలుగుసార్లు, ఒక్కోసారి ఆరు గంటల చొప్పున తెగుతుందని లెక్క వేశాను. అందుకే ఇప్పుడున్న రేడియోని ఒక చానల్‌తో స్టాండ్‌బైగా ఉంచమంటున్నాను. ఫైబర్ తెగినప్పుడు లీజ్డ్ లైన్లు రేడియో మీదికి వెళతాయి. ఇళ్ళ బ్రాడ్‌బ్యాండ్ ఆ గంటల్లో నెమ్మదిస్తుంది, ఆ సంగతి ముందే చెబుతున్నాను. పెద్ద తుఫాను వస్తే రెండూ పోయే అవకాశం ఉంది.

ఈ నెలాఖరులోగా అనుమతి ఇస్తే ఈశాన్య రుతుపవనాలకు ముందే ట్రాఫిక్ మార్చగలం. ఆలస్యమైతే మరో తుఫాను సీజన్ ఒక్క స్పేర్ ఓడీయూతో దాటాల్సి వస్తుంది. అద్దె ఒప్పందం ముసాయిదా, మూడు కొటేషన్లు జతచేశాను.

---

ఈమెయిల్లో 7 డీబీకి బదులు 5 డీబీ లెక్క వేశాను గమనించారా? 2 డీబీ తిరిగి వచ్చిందని ముందే చెప్పి, మిగిలిన దానికే మూడు రెట్లు అన్నాను. లెక్క చూసే మనిషికి ఇలాంటి చోటే నమ్మకం కుదురుతుంది. "ఏటా 4.8 లక్షలు ఎక్కువ" అన్న వాక్యాన్ని కూడా దాచకండి. దాన్ని ఆయన తానే కనిపెడితే మిగతా అంకెలన్నీ అనుమానంతో చూస్తారు. లింకు పడినందుకు లీజ్డ్ లైన్ల కస్టమర్లకు మీరు కట్టిన ఎస్‌ఎల్‌ఏ రిబేటు పోయిన ఏడాది ఎంతో అకౌంట్స్ వాళ్ళని అడిగి ఆ పక్కనే పెట్టండి. ఆ 4.8 లక్షల్లో ఎంత భాగం ఇప్పటికే పోతోందో ఆయనే పోల్చుకుంటారు.

అద్దె ఒప్పందంలో మూడు విషయాలు సంతకానికి ముందే చూడండి. ఫైబర్ వెళ్ళే అసలు దారి మ్యాపు మీద తీసుకోండి, ఎక్కడ భూమిలో ఉంది, ఎక్కడ స్తంభం మీదికి ఎక్కింది అని నడిచి సరిచూసుకోండి. "అండర్‌గ్రౌండ్" అని కాగితం మీద రాసి, ఊరి నడుమ రెండు కిలోమీటర్లు స్తంభాల మీద వేలాడే కేబుళ్ళు చాలా ఉన్నాయి. రెండోది, తెగితే ఎన్ని గంటల్లో బాగుచేస్తారు, చేయకపోతే అద్దెలో ఎంత కోత అన్నది గంటల్లో, రూపాయల్లో ఉండాలి. మూడోది, ఫైబర్‌లో ఎక్కడ ఎంత నష్టం ఉందో చూపే ఓటీడీఆర్ రిపోర్టు రెండు చివర్ల నుంచీ, 1550తోపాటు 1625 నానోమీటర్ల దగ్గర కూడా అడగండి. ఎక్కడైనా కేబుల్ గట్టిగా వంగి ఉంటే 1625 దగ్గర నష్టం 1550 కంటే స్పష్టంగా ఎక్కువ కనబడుతుంది. జాయింట్ పాడైతే రెండింటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. వంపు ఇప్పుడు పట్టుకుంటే వాళ్ళ ఖర్చు, ఆర్నెల్ల తర్వాత పట్టుకుంటే మీ తగాదా.

మార్చే రోజు విషయానికొస్తే, రౌటర్లు దారి ఎంచుకునే ఓఎస్‌పీఎఫ్‌లో రేడియో దారికి కాస్ట్ ఎక్కువ పెట్టి, దారి బతికి ఉందో లేదో క్షణక్షణం చూసే బీఎఫ్‌డీని రెండు దారుల మీదా నడపండి. ఫైబర్ తెగితే పోర్టు వెంటనే డౌన్ అవుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. రేడియో అలా కాదు, గాలిలో లింకు చచ్చిపోయినా ఈథర్నెట్ పోర్టు పచ్చగానే వెలుగుతుంటుంది. స్టాండ్‌బై అదే కాబట్టి అది బతికి ఉందో లేదో తెలియాలంటే బీఎఫ్‌డీ తప్పదు. రేడియో పోర్టు మీద లీజ్డ్ లైన్లకు ప్రాధాన్యం ఇచ్చే క్యూఓఎస్ కూడా ముందే పెట్టి, నెలకోసారి తెల్లవారుజామున మూడింటికి ఫైబర్ పోర్టు మీరే ఆపి చూడండి. రెండో చానల్ సరెండర్ కాగితం మాత్రం ఫైబర్ మీద ఒక వానాకాలం గడిచాకే పెట్టండి. ఒకసారి వదిలేసిన ఫ్రీక్వెన్సీ మళ్ళీ కావాలంటే క్లియరెన్సులన్నీ మొదటి నుంచి తెచ్చుకోవాలి.